ఎనిమిది నెలల కిరాయి ఒప్పుకున్నాకే జవాబు మొదలవుతుంది

"దావాలోని ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం, ప్రతివాదిని వేధించడానికి అల్లినవి. వాటిని వాది కఠినంగా రుజువు చేసుకోవాలి." మాక్ సివిల్ దావాలకు లా విద్యార్థులు రాసే రిటన్ స్టేట్‌మెంట్లలో నూటికి తొంభై ఈ రెండు వాక్యాలతోనే మొదలవుతాయి. చదవడానికి ధాటిగా ఉంటాయి, కానీ చట్టం దృష్టిలో వాటి విలువ సున్నా. ఇంకా చెప్పాలంటే సున్నా కన్నా తక్కువ. ఎందుకంటే వాటిని నమ్ముకుని మిగతాది వదిలేస్తే, వదిలేసినదంతా ఒప్పుకున్నట్టే లెక్క.

నా వాదన ఒక్కటే. కిరాయి బాకీ దావాకు జవాబు రాయడం ముందు లెక్కల పని, ఆ తర్వాతే వాదన పని. ఏ రూపాయి ఎందుకు బాకీ కాదో, ఏ రూపాయి బాకీయే అయినా ఎలా తీరిపోయిందో, ఏ రూపాయి ఎదుటివాడే మనకు ఇవ్వాలో విడదీయలేని వాళ్లు ఎంత మంచి భాష రాసినా లాభం లేదు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం డ్రాఫ్టింగ్ పేపర్లో పదిహేను ప్లీడింగ్ అభ్యాసాలకు 45 మార్కులు ఉంటాయి. ఆ పదిహేనులో రిటన్ స్టేట్‌మెంటూ కౌంటర్ క్లెయిమూ కలిసి వచ్చే అభ్యాసాన్ని చాలామంది పాత రికార్డు చూసి ఎక్కించేస్తారు. కాబట్టి ఒక మాక్ కేసును మొదటి నుంచి చివరి దాకా విప్పి చూద్దాం.

హనుమకొండలో ఒక మడిగె. అందులో ప్రతివాది జిరాక్సు, స్టేషనరీ దుకాణం నడిపాడు. 2022 జూన్ 1న స్టాంపు కాగితం మీద పదకొండు నెలల కిరాయి ఒప్పందం రాసుకున్నారు. కిరాయి నెలకు ₹12,000, ప్రతి నెలా 5వ తేదీలోపు కట్టాలి. అడ్వాన్స్ ₹60,000, ఖాళీ చేసిన రోజున బాకీలు పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. స్లాబు, గోడల రిపేర్లు ఓనరువి, చెప్పిన పదిహేను రోజుల్లో చేయించాలి. ఒప్పందం 2023 ఏప్రిల్ 30తో ముగిసినా కిరాయిదారు అక్కడే ఉన్నాడు, ఓనరు కిరాయి తీసుకుంటూనే ఉన్నాడు. 2026 జూన్ 15న ఓనరు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు. 2023 నవంబర్ నుంచి 2024 డిసెంబర్ వరకు పద్నాలుగు నెలల కిరాయి ₹1,68,000, దాని మీద నూటికి 18 చొప్పున వడ్డీ కావాలన్నాడు. దుకాణం ఎప్పుడో ఖాళీ అయింది కనుక ఖాళీ చేయింపు గొడవ ఇక్కడ లేదు. ఇది వట్టి డబ్బు దావా.

కిరాయిదారు చెప్పేది ఇది. మొదటి నాలుగు నెలలు ఫోన్‌పేలో కట్టాడు. 2024 అక్టోబర్ 31న ఖాళీ చేసి తాళం చెవులు ఇచ్చేశాడు. మధ్యలో ఎనిమిది నెలలు కట్టని మాట నిజమే. అయితే స్లాబు కారుతోందని 2023 జూలై 8న వాట్సాప్‌లో చెప్పినా ఓనరు పట్టించుకోలేదు. జూలై 27 నాటి వానకు సరుకు తడిసి ₹45,000 నష్టం వచ్చింది. చివరికి ఆగస్టు 20న తానే ₹38,000 పెట్టి స్లాబు రిపేరు చేయించుకున్నాడు. అడ్వాన్స్ ₹60,000 ఓనరు దగ్గరే ఉంది.

కలం పట్టే ముందు కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. ₹1,68,000లో 2023 నవంబర్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా ₹48,000 చెల్లించేసిన డబ్బు. 2024 నవంబర్, డిసెంబర్ కిరాయి ₹24,000 అసలు పుట్టనే లేదు, అప్పటికి కిరాయిదారే లేడు. మిగిలింది మార్చి నుంచి అక్టోబర్ దాకా ₹96,000. ఇది పుట్టిన బాకీయే, కట్టనిదే. ఈ మూడు ముక్కలకు మూడు రకాల జవాబులు కావాలి. అన్నింటికీ కలిపి "అబద్ధం" అంటే ఒక్కదానికీ జవాబు చెప్పనట్టే.

కాదనడం ఎలాగో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు 3, 4, 5 రూల్స్ చెబుతాయి. కాదనడం స్పష్టంగా, ఒక్కో సంగతికి విడివిడిగా ఉండాలి. తప్పించుకునే ధోరణిలో ఉండకూడదు. స్పష్టంగా కాదనని సంగతిని ఒప్పుకున్నట్టు భావించవచ్చు. ఇందులో నాలుగో రూల్ మన కేసుకు అతికినట్టు సరిపోతుంది. ఫలానా మొత్తం ముట్టిందని ఎదుటివాడు ఆరోపిస్తే, ఆ మొత్తం ముట్టలేదంటే చాలదు. అందులో ఏ భాగమూ ముట్టలేదనాలి, లేదా ఎంత ముట్టిందో చెప్పాలి. బాకీకీ అదే న్యాయం. "ప్రతివాది ₹1,68,000 బాకీ లేడు" అని రాస్తే, ₹1,67,000 బాకీ ఉన్నాడేమో అన్న సందు అలాగే మిగిలిపోతుంది. ఎదుటి వకీలు ఆ సందులోంచే లోపలికి వస్తాడు.

మాక్ దావా నాలుగో పేరాకు జవాబు ఇలా రాస్తే నిలబడుతుంది:

"దావా 4వ పేరాలో నెలకు కిరాయి ₹12,000 అన్న మాట నిజం. 2023 నవంబర్ నుండి 2024 ఫిబ్రవరి వరకు నాలుగు నెలల కిరాయి చెల్లించలేదన్నది నిజం కాదు. ఆ ₹48,000ను ప్రతివాది ఈ కింది తేదీల్లో వాది బ్యాంకు ఖాతాకు యూపీఐ ద్వారా చెల్లించాడు. 2024 నవంబర్, డిసెంబర్ నెలలకు కిరాయి బాకీ ఉందన్నది నిజం కాదు. 2024 అక్టోబర్ 31న ప్రతివాది దుకాణం ఖాళీ చేసి షట్టరు తాళం చెవులు రెండూ వాదికి అప్పగించగా వాది తీసుకున్నాడు. 2024 మార్చి నుండి అక్టోబర్ వరకు ఎనిమిది నెలల కిరాయి ₹96,000 నగదుగా చెల్లించలేదన్నది నిజమే గానీ, ఆ మొత్తం కింద 9, 10 పేరాల్లో వివరించిన విధంగా కోత వల్ల, అడ్వాన్స్ సర్దుబాటు వల్ల పూర్తిగా తీరిపోయింది. అందులో ఏ భాగమూ బాకీ లేదు."

ఎనిమిది నెలల కిరాయి చెల్లించలేదన్న వాక్యం చాలామందికి మింగుడుపడదు. "కట్టలేదని మనమే రాసిస్తే ఎట్లా సార్" అంటారు. కట్టలేదన్న సంగతిని వాది ఎటూ రుజువు చేస్తాడు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటి చాలు. దాన్ని కాదంటే మనం నిజంగా చెప్పే నాలుగు నెలల చెల్లింపునూ జడ్జి నమ్మడు. అదీగాక, సర్దుబాటు చెప్పాలంటే సర్దడానికి ఒక బాకీ ఉండాలి కదా. బాకీయే లేదని ఒక పేరాలో రాసి, తర్వాతి పేరాలో అడ్వాన్స్‌లోంచి పట్టుకోమని రాస్తే రెండూ కూలుతాయి.

అయితే ఒప్పుకోవడంలో నిజమైన ప్రమాదం ఒకటుంది. పన్నెండో ఆర్డరు 6వ రూల్ కింద, ప్లీడింగులో ఒప్పుకున్న మేరకు విచారణతో పని లేకుండా వెంటనే తీర్పు ఇమ్మని వాది అడగవచ్చు. "ఎనిమిది నెలల కిరాయి చెల్లించలేదన్నది నిజమే" అని ఐదో పేరాలో ఫుల్‌స్టాప్ పెట్టి, సర్దుబాటు సంగతి పదిహేనో పేరాలో ఎత్తుకుంటే ఆ దరఖాస్తుకు మనమే దారి వేసినట్టు. ఒప్పుకున్న వాక్యాన్ని విడగొట్టి చదవకూడదని వాదించి గెలవొచ్చు. కానీ ఆ వాదన అవసరమే రాకుండా రాయొచ్చు. "నిజమే గానీ" అన్న మాట, తీరిన తీరు, రెండూ ఆ వాక్యంలోనే ఉంటే చాలు.

"ప్రతివాదికి తెలియదు" అన్న జవాబు గురించి కూడా ఒక మాట. ఓనరు ఆ మడిగెను ఎవరి దగ్గర కొన్నాడో నిజంగానే కిరాయిదారుకు తెలియకపోవచ్చు, అక్కడ ఆ మాట రాస్తే ఫర్వాలేదు. తాను కిరాయి కట్టాడో లేదో, తాళం చెవులు ఇచ్చాడో లేదో "తెలియదు" అంటే అది కాదనడం కిందికి రాదు.

తాళం చెవుల దగ్గర కాస్త ఆగాలి. ₹24,000 అంతా దాని మీదే నిలబడి ఉంది. ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ కిరాయిని ముగించడానికి పదిహేను రోజుల నోటీసు కావాలి, అదీ రాతపూర్వకంగా, సంతకంతో. మన కిరాయిదారు అలాంటి నోటీసు ఇవ్వలేదు. కాబట్టి "నోటీసు ఇచ్చి ఖాళీ చేశాను" అని రాస్తే అక్కడే దొరికిపోతాడు. అదే చట్టం 111వ సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. కిరాయిదారు ఇచ్చేయడం, ఓనరు తీసుకోవడం వాళ్ల నడవడిక నుంచే తేలితే కిరాయి అక్కడితో ముగిసినట్టే. అందుకే పై వాక్యంలో "అప్పగించగా" తర్వాత "వాది తీసుకున్నాడు" అన్న రెండు మాటలు ఉన్నాయి. అవి లేకపోతే ప్రతివాది తాళం వేసి వెళ్లిపోయాడనే అర్థం మిగులుతుంది, అలా వెళ్లిపోతే కిరాయి ఆగదు. దీనికి రుజువుగా నవంబర్, డిసెంబర్ కరెంటు బిల్లులు పనికొస్తాయి. జిరాక్సు మిషన్లు నడిచే దుకాణంలో వందల్లో ఉండే యూనిట్లు ఒక్కసారి దాదాపు సున్నాకు పడిపోతే అది అబద్ధమాడదు. కానీ బిల్లుల సంగతి పేరాలో రాయకూడదు. ఆరో ఆర్డరు 2వ రూల్ ప్రకారం ప్లీడింగులో ఉండాల్సింది ముఖ్యమైన సంగతులే, సాక్ష్యం కాదు. బిల్లులు, యూపీఐ రికార్డు, వాట్సాప్ సందేశాలు రిటన్ స్టేట్‌మెంటుతో పాటు జతచేసే పత్రాల జాబితాలోకి వెళ్లాలి. స్క్రీన్‌షాట్లు పెడితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఇక తీరిపోయిన ₹96,000 సంగతి. మాక్ పేపర్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

రిపేరు ఖర్చు ₹38,000ను కిరాయిలో కోసుకోవడానికి ఆధారం ఆస్తి బదలాయింపు చట్టం 108 (ఎఫ్). దాన్ని చాలామంది సగమే చదువుతారు. ఓనరు చేయించాల్సిన రిపేరు చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు, లేదా వేరేగా రాబట్టుకోవచ్చు. ఇందులో బరువంతా "చేయించాల్సిన" అన్న మాట మీదే ఉంది. ఓనరు రిపేర్లు చేయించి తీరాలని ఆ సెక్షన్ తనంతట తాను చెప్పదు. ఆ బాధ్యత వేరే చోటు నుంచి, మామూలుగా ఒప్పందం నుంచి రావాలి. మన ఒప్పందంలో ఆ షరతు ఉంది. కానీ ఒప్పందం 2023 ఏప్రిల్ 30తో ముగిసింది, స్లాబు కారింది జూలైలో. "ఒప్పందమే లేనప్పుడు షరతు ఎక్కడిది" అని వాది అడగకుండా ఉండడు. అందుకని గడువు తర్వాత కూడా కిరాయిదారు కొనసాగాడని, ఓనరు కిరాయి తీసుకుంటూ ఒప్పుకున్నాడని, 116వ సెక్షన్ ప్రకారం నెలవారీ కిరాయిగా పాత షరతులతోనే నడిచిందని ఒక పేరా రాసి తీరాలి. ఈ ఒక్క పేరా మరచిపోతే ₹38,000 కోతా, ₹45,000 నష్టపరిహారమూ రెండూ గాల్లో వేలాడతాయి.

ఎదుటి వకీలు అడిగే ఇంకో ప్రశ్న కూడా ముందే ఊహించాలి. ఆగస్టులో రిపేరు చేయించిన మనిషి, ఆ తర్వాత ఫిబ్రవరి దాకా కిరాయి పూర్తిగా ఎందుకు కట్టాడు? మాక్ ఫైలులో 2024 మార్చి 5న "ఈ నెల నుంచి రిపేరు డబ్బులు కిరాయిలో పట్టుకుంటున్నా" అని పంపిన సందేశం ఉంది. అదే జవాబు. కోత మార్చి నుంచి మొదలైందని, మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలకు ₹36,000, జూన్‌లో ₹2,000 అలా పోయాయని నెల పేరుతో సహా రాయాలి. అప్పుడు కట్టాల్సింది ₹58,000 మిగిలింది. ఖాళీ చేసిన రోజున ఒప్పందం ప్రకారమే అది అడ్వాన్స్ ₹60,000లో సర్దుకుపోయింది. ఓనరు దగ్గర మిగిలింది ₹2,000.

చెల్లింపు, సర్దుబాటు, సెట్-ఆఫ్, కౌంటర్ క్లెయిమ్ అన్న నాలుగు మాటల్ని ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటారు. దావా వేయకముందే బాకీ తీరిపోయిందని చెప్పేవి మొదటి రెండూ. అవి వట్టి సమాధానాలే కనుక వాటికి కోర్టు ఫీజు లేదు. సెట్-ఆఫ్ అంటే ఎదుటివాడు నాకు ఇవ్వాల్సిన, మొత్తం తేలిన డబ్బును ఇప్పుడు ఈ దావాలో చెల్లుకు చెల్లు వేయమనడం. కౌంటర్ క్లెయిమ్ అంటే ఆ దావాలోనే నేను ఎదురు దావా వేయడం. ఈ రెండింటికీ ప్లెయింటుకు కట్టినట్టే ఫీజు కట్టాలి. మన కేసులో దావాకు రెండేళ్ల ముందే చెప్పి మరీ కోసుకున్నాడు కాబట్టి ₹38,000ను సర్దుబాటుగానే చెప్పుకోవచ్చు. అయినా జడ్జి ఒప్పుకోకపోవచ్చునని, "ప్రత్యామ్నాయంగా, దీన్ని సెట్-ఆఫ్‌గా పరిగణించాలని, అందుకు తగిన కోర్టు ఫీజు చెల్లించడానికి ప్రతివాది సిద్ధమని" ఒక వాక్యం చేర్చడం మేలు. దానికి ఇంకో కారణం కూడా ఉంది, తేదీల దగ్గర చెబుతాను.

మరి కౌంటర్ క్లెయిమ్ ఎంతకు వేయాలి? సగం మంది ₹1,43,000 అని రాస్తారు. అడ్వాన్స్ 60, రిపేరు 38, సరుకు నష్టం 45 వేలు కలిపితే అంతే కదా అని. అదే కాగితంలో దావా కొట్టేయమని కూడా అడుగుతారు. అంటే ₹96,000 కిరాయి అడ్వాన్స్‌తోనూ రిపేరుతోనూ తీరిపోయిందంటూనే, ఆ అడ్వాన్సూ రిపేరూ మళ్లీ నగదుగా ఇమ్మంటున్నారన్నమాట. ఒకే రూపాయిని రెండుసార్లు ఖర్చు పెట్టడం ఇది. సరిగ్గా లెక్కిస్తే కౌంటర్ క్లెయిమ్ మిగిలిన అడ్వాన్స్ ₹2,000, సరుకు నష్టం ₹45,000 కలిపి ₹47,000. పెద్ద అంకెకూ దీనికీ తేడా చూడండి, సరిగ్గా ₹96,000. కోర్టు ఫీజు ₹47,000 మీదే పడుతుంది, అది వేరే లాభం.

పరీక్షకు వెళ్లే ముందు ఈ లెక్కను తిరగేసి కూడా చూడాలి. రిపేరు కోత చెల్లదని కోర్టు అంటే ఏమవుతుంది? ₹96,000లో అడ్వాన్స్ ₹60,000 పోగా ₹36,000 ప్రతివాదే ఇవ్వాలి, ₹2,000 అడిగే హక్కు ఉండదు. సరుకు నష్టం మాత్రం రుజువైతే ₹45,000 రావాలి. ఎనిమిదో ఆర్డరు 6-ఎఫ్ రూల్ ప్రకారం తేడా ఎవరికి రావాలో వాళ్లకు కోర్టు తీర్పు ఇవ్వవచ్చు. అంటే ప్రతివాదికి ₹9,000. ఒక్కో అంశం ఓడితే అంకె ఎటు కదులుతుందో తెలిసినవాడు ప్రత్యామ్నాయ ప్లీడింగును సరైన చోట పెడతాడు.

కౌంటర్ క్లెయిమ్ రిటన్ స్టేట్‌మెంటుకు తోక కాదు. 6-ఎ రూల్ దాన్ని ప్లెయింటుగా చూడమంటుంది, 6-బి ప్రకారం అది కౌంటర్ క్లెయిమ్ అని స్పష్టంగా చెప్పాలి. వేరే శీర్షిక పెట్టి, సంగతులు, హక్కు ఎప్పుడు ఎలా పుట్టింది, కోర్టు పరిధి, విలువ, ఫీజు, లిమిటేషన్, ఏమి కోరుతున్నామన్నది అన్నీ వరుసగా రాయాలి. నేను వాడే పరీక్ష ఒక్కటే. రిటన్ స్టేట్‌మెంటు భాగాన్ని చింపి పక్కన పెడితే, మిగిలిన కాగితాలు సొంత దావాగా నిలబడతాయా? నిలబడి తీరాలి. 6-డి ప్రకారం వాది దావా ఆగినా, కొట్టేసినా, అతను మానుకున్నా కౌంటర్ క్లెయిమ్ నడవగలదు. అప్పుడు పైనున్న పేరాలను నమ్ముకుని "పైన చెప్పిన విధంగా" అని వదిలేసిన కౌంటర్ క్లెయిమ్ బోసిపోతుంది.

సరుకు నష్టాన్ని "సుమారు ₹45,000 విలువైన సరుకు పాడైంది" అని రాయడం కూడా అంతే వృథా. ఏ-4 కాగితం రిమ్ములు 60, ఒక్కోటి ₹250 చొప్పున ₹15,000. నోటుబుక్కులు 400, ఒక్కోటి ₹30 చొప్పున ₹12,000. జిరాక్సు మిషను రిపేరు బిల్లు ₹18,000. ఇలా విడగొడితేనే వాది ఒక్కోదానికి జవాబు చెప్పాల్సి వస్తుంది, చెప్పకపోతే ఒప్పుకున్నట్టవుతుంది. మనం ఏ రూల్‌తో ఇబ్బంది పడ్డామో అదే రూల్ ఇప్పుడు అతని మీదికి తిరుగుతుంది. గిరాకీ పోయింది, పేరు పోయింది అని లక్షలు కలపడం మాత్రం వద్దు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ దూరపు నష్టాలకు పరిహారం ఇవ్వదు, పైగా ఉన్న ₹45,000 మీద కూడా అనుమానం పుడుతుంది.

2023 జూలై 27 అనగానే ఓరుగల్లు వాళ్లెవరికైనా కాలనీల్లోకి వచ్చిన వరదే గుర్తొస్తుంది. వాది కూడా అదే అంటాడు: "ఆ రోజు ఊరంతా మునిగింది, నా స్లాబుకేం సంబంధం, అది దైవఘటన." ఈ వాదనను ప్లీడింగులోనే కట్టేయాలి. నీళ్లు రోడ్డు మీద నుంచి షట్టరు కింద రాలేదు, వెనుక గోడ వైపు స్లాబు నుంచి కారాయి అని స్పష్టంగా చెప్పాలి. మాక్ ఫైలులోని ఫోటోల్లో పై అరలో రిమ్ములు పైనుంచి తడిసి ఉబ్బాయి, కింది అరలోని ఫైళ్లు పొడిగా ఉన్నాయి. వరద నీళ్లయితే ముందు కింది అర తడవాలి. దీన్ని గమనించిన వాళ్ల పేరా ఇలా ఉంటుంది: "నీరు స్లాబు నుండి కారి పై అరల్లోని సరుకును తడిపింది; రోడ్డు నీరు దుకాణంలోకి రాలేదు." రెండు ముక్కలే, కానీ ₹45,000 వాటి మీదే నిలుస్తుంది. అలాగే జూలై 8 నుంచే కారుతోందని తెలిసినా సరుకు అక్కడే ఎందుకు ఉంచావన్న ప్రశ్న వస్తుంది. నష్టం తగ్గించుకోవడానికి ఏం చేశాడో, అంటే తార్పాలిన్ కప్పాడా, మిషన్‌ను పక్కకు జరిపాడా అన్నది కూడా రాయాలి.

ఇక తేదీలు. మాక్ ఫైలులో సమన్లు 2026 జూలై 6న ముట్టాయి. ఎనిమిదో ఆర్డరు 1వ రూల్ ఇచ్చే ముప్పై రోజులు ఆగస్టు 5తో నిండుతాయి. కారణాలు రాసి కోర్టు దాన్ని తొంభై రోజుల దాకా పొడిగించవచ్చు. మామూలు సివిల్ దావాల్లో ఆ గడువు మరీ ఉక్కు గోడ కాదని సుప్రీంకోర్టు 2005లో కైలాష్ కేసులో చెప్పింది. ఆ ధీమాతో "మొదటి వాయిదాకు టైం తీసుకుందాం" అనుకుంటే ఈ కేసులో ₹45,000 పోతుంది.

ఎలాగంటే, లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం సెట్-ఆఫ్‌ను అసలు దావా వేసిన రోజునే వేసినట్టు లెక్కిస్తారు. కౌంటర్ క్లెయిమ్‌ను మాత్రం కోర్టులో పెట్టిన రోజున వేసినట్టు లెక్కిస్తారు. ఓనరు రిపేరు చేయించాల్సిన పదిహేను రోజులు 2023 జూలై 23తో అయిపోయాయి, ఒప్పందం తప్పింది అప్పుడే. మూడేళ్లు వేసుకుంటే జాగ్రత్తగా లెక్కించేవాడికి 2026 జూలై 23 ఆఖరి రోజు. రిటన్ స్టేట్‌మెంటు ఆగస్టు 5న వేస్తే అది గడువులోనే ఉంది, అందులోని సరుకు నష్టం మాత్రం గడువు దాటింది. రిపేరు చేయించే దాకా తప్పు కొనసాగుతూనే ఉందని వాదించవచ్చు. కానీ జూలై 23లోపు వేస్తే ఆ వాదన అవసరమే లేదు. రిపేరు డబ్బు సంగతి వేరు. అది 2023 ఆగస్టు 20న పెట్టిన ఖర్చు. ప్రతివాది తొంభై రోజులూ వాడుకుని అక్టోబర్‌లో జవాబు వేసినా, దాన్ని సెట్-ఆఫ్‌గా చెప్పి ఉంటే దావా తేదీ అయిన జూన్ 15నే వేసినట్టు లెక్క, కాబట్టి బతుకుతుంది. అదే కౌంటర్ క్లెయిమ్‌లో పెడితే చస్తుంది. ఆ ప్రత్యామ్నాయ వాక్యానికి ఇందాక చెబుతానన్న కారణం ఇదే.

రిటన్ స్టేట్‌మెంటు వేశాక కౌంటర్ క్లెయిమ్ గుర్తొస్తే తర్వాత వేయొచ్చా అంటే, ఇష్యూలు ఖరారు కాక ముందైతే కోర్టు అనుమతించవచ్చునని అశోక్ కుమార్ కాల్రా కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు మాత్రం జవాబు దాఖలు చేయకముందు, లేదా దాని గడువు ముగియకముందు పుట్టినదై ఉండాలి. అనుమతి వచ్చినంత మాత్రాన లిమిటేషన్ వెనక్కి పోదు.

వడ్డీ గురించి పొడవుగా రాయక్కర్లేదు. ఒప్పందంలో వడ్డీ షరతు లేదని, నూటికి 18 అడిగే హక్కు లేదని ఒక పేరా చాలు. బాకీ తీరిన తేదీ 2024 అక్టోబర్ 31 అని మన లెక్కలో ఎటూ ఉంది కాబట్టి ఆ తర్వాతి వడ్డీ ప్రశ్న దానితోనే పోతుంది.

చివరి పేజీలో వెరిఫికేషన్. "1 నుండి 24 పేరాలు నాకు తెలిసినంత వరకు, నమ్మినంత వరకు నిజం" అని ఒకే ముద్ద వేస్తారు. ఆరో ఆర్డరు 15వ రూల్ కోరేది ఏ పేరాలు సొంతంగా తెలిసినవి, ఏవి ఇతరులు చెప్పగా నమ్మినవి అన్న విభజన. తాళం చెవులు, యూపీఐ, తడిసిన రిమ్ములు కిరాయిదారు స్వయంగా ఎరిగినవి. 108వ సెక్షన్, లిమిటేషన్ పేరాలు వకీలు చెబితే నమ్మినవి. పేరా నంబర్లు విడగొట్టి రాసి, తేదీ, ఊరు వేసి, అఫిడవిట్ జతచేసి, కౌంటర్ క్లెయిమ్ మీద ₹47,000కు ఫీజు అంటించారో లేదో చూసుకుని, వాది వకీలుకు కాపీ ఇచ్చి సంతకం తీసుకోవాలి. కోర్టులో వేసే తేదీ మాత్రం జూలై 23 దాటకూడదు.